ఒళ్లంతటి నుంచి వేళ్ల దాకా

మదనపల్లెలో నేను మొదట ఉద్యోగంలో చేరిన నర్సింగ్‌హోమ్‌లో నా గదికి బోర్డు రాయడానికి ఒక పెయింటరు వచ్చాడు. "ఏం రాయమంటారు మేడమ్?" అని అడిగాడు. "ఫిజియోథెరపీ అని రాయప్పా, చాలు" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అది రాస్తే ఎవురికి తెలుస్తాది? దేనికి సూస్తారో రాయాల."

నేను చెప్పుకుంటూ పోయాను. నడుము నొప్పి, మెడ నొప్పి, మోకాళ్లు, భుజం పట్టేయడం, పక్షవాతం, మూతి వంకరపోవడం, కట్టు విప్పాక చేయించే వ్యాయామాలు, నడక ఆలస్యమైన పిల్లలు. చివరి రెండింటికీ చోటు చాలక అక్షరాలు చీమల్లా అయిపోయాయి. పెయింటరు నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, "ఇంక మిగిలిందేముంది మేడమ్, కండ్లూ పండ్లూ తప్ప!" అన్నాడు.

నాకు అది మెచ్చుకోలుగానే వినిపించింది. నాలుగున్నరేళ్లు చదివినదంతా ఒక రేకు మీద కనిపిస్తుంటే ఎవరికి సంతోషం ఉండదు? పొద్దున్నే టమోటా మార్కెట్‌యార్డులో లోడు దించి వచ్చే హమాలీలు నడుములు పట్టుకుని వచ్చేవాళ్లు. వాల్మీకిపురం బస్సు దిగాక అవ్వలు మోకాళ్లు పట్టుకుని వచ్చేవాళ్లు. మధ్యాహ్నం పక్షవాతం వచ్చిన పెద్దాయనకు చెయ్యి పట్టుకుని నడక నేర్పించి, సాయంత్రం ఒక పాపాయిని బంతి మీద కూర్చోబెట్టి మెడ నిలపడం నేర్పించేదాన్ని. ఒక్కరోజులో ఇన్ని రకాల ఒళ్లు! విసుగనేది తెలియలేదు.

ఆ నర్సింగ్‌హోమ్ పెద్ద డాక్టరు ఎముకల వైద్యుడు. నెమ్మదైన మనిషి. ఒకరోజు టీ తాగుతూ, "ఇప్పుడు అన్నీ చూడమ్మా, మంచిదే. కానీ పదేళ్ల తర్వాత కూడా అన్నీ చూస్తూనే ఉంటే మాత్రం నాకు బాధేస్తుంది" అన్నారు.

"ఎందుకు సార్?"

"ఫిజియోథెరపీ చాలా పెద్ద ఇల్లు. అన్ని గదుల్లోనూ నిలబడి తొంగిచూస్తూ ఉంటావు, ఏ గదిలోనూ కూర్చోవు."

"అయితే ఏ గదిలో కూర్చోవాలో ఎట్లా తెలుస్తుంది?"

"ఇంటికి పోయాక ఏ పేషెంటు గురించి ఆలోచిస్తున్నావో చూసుకో" అని కప్పు పెట్టేసి లేచారు.

నేను ఆ మాట విన్నాను గానీ పట్టించుకోలేదు. నాకు గది కావాలని ఆశ పుట్టింది, అంతే. ఏ గది అన్నది మాత్రం ఫోన్‌లో చూసి తేల్చుకున్నాను. ఆ రోజుల్లో నాతో చదివినవాళ్లలో సగం మంది స్పోర్ట్స్ ఫిజియో అయిపోతున్నారు. క్రికెట్ మైదానం పక్కన నీలంరంగు టీషర్టులతో ఫొటోలు పెట్టేవాళ్లు. నేనూ బెంగళూరు వెళ్లి శని, ఆదివారాల్లో జరిగే కోర్సు చేసి, కండరాల మీద అతికించే రంగురంగుల టేపులు ఒక సంచి నిండా తెచ్చుకున్నాను.

అప్పుడే మా ఆయనకు పుంగనూరు బ్రాంచికి బదిలీ అయింది. ఆయన బ్యాంకు ఉద్యోగి. పుంగనూరులో చిన్న గది అద్దెకు తీసుకుని నా సొంత క్లినిక్ తెరిచాను. ఈసారి బోర్డు మీద ఒకటే మాట, స్పోర్ట్స్ ఫిజియోథెరపీ. గోడ మీద పరుగెత్తుతున్న ఒకాయన నిలువెత్తు ఫొటో.

మొదటి ఆరు నెలల్లో వచ్చిన ఆటగాళ్లు ముగ్గురు. ఇద్దరు వాలీబాల్ వాళ్లు, ఒక కబడ్డీ కుర్రాడు. మిగతావాళ్లంతా మళ్లీ మోకాళ్లే. వాళ్లలో ఒక అవ్వ, చేతికర్ర పట్టుకుని రోజూ పదిగంటలకల్లా వచ్చేసేది. వచ్చిన మూడోరోజు ఆ ఫొటోను చాలాసేపు చూసి అడిగింది.

"ఈ మనిసికి కూడా నువ్వే సూసినావా అమ్మా?"

నేను నవ్వాను.

"బాగా పరిగెత్తతా ఉండాడే! నాకు అంత వద్దులే. సంతకు పొయ్యొస్తే సాలు."

ఆ రాత్రి మా ఆయనకు చెప్తే ఆయన పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను గానీ లోపల చిన్నబోయాను. ఊరి ముఖం చూడకుండా నేను గది ఎంచుకున్నాను. తర్వాతి వారం ఒక నోటుపుస్తకం కొని, వచ్చిన ప్రతి మనిషి గురించీ ఒక వరుస రాయడం మొదలుపెట్టాను: ఏ పని చేస్తారు, దేనికి వచ్చారు, ఇంకేం ఇబ్బంది ఉంది. ఆ మూడో ప్రశ్నే నన్ను ఆశ్చర్యపరిచింది. నడుము కోసం వచ్చినామె పట్టుగూళ్ల నుంచి దారం తీసే రీలింగ్ పని చేస్తుంది, వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. మెడ కోసం వచ్చినాయన గడ్డి కత్తిరించే మిషన్‌లో ఎప్పుడో చెయ్యి పెట్టాడు, చూపుడువేలు కర్రలా నిలబడిపోయింది. "దీని సంగతి ఏమప్పా?" అని అడిగితే అందరిదీ ఒకే జవాబు: "దానికి సేసేదేం లేదమ్మా, అది అట్లనే ఉండాది."

చేతి కోసమని వచ్చినవాళ్లు దాదాపు లేరు. చెడిన చెయ్యి లేని వీధి మాత్రం లేదు. అది గమనించాను. గమనించి ఊరుకున్నాను.

ఊరుకోకుండా చేసింది ఒక గ్రానైట్ కార్మికుడు. శాంతిపురం వైపు మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. పలక అంచు తగిలి అరచేతిలో మధ్యవేలి మొదట్లో లోతుగా తెగింది. బెంగళూరులో ఆపరేషన్ చేసి కుట్టారు. వారం వారం అక్కడికే వచ్చి వ్యాయామం నేర్చుకోమన్నారు గానీ, అన్నిసార్లు పోలేక పుంగనూరులోని అత్తవారింట్లో దిగి నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి ఆపరేషనై నాలుగో వారం. చేతికి వెనకవైపు నుంచి వేళ్ల కొసల దాకా ఒక ప్లాస్టిక్ కవచం కట్టి ఉంది.

"నరం తెగిందంటమ్మా" అన్నాడు. మా వైపు అందరూ అట్లాగే అంటారు. తెగింది నరం కాదు, టెండాన్. ముంజేతిలోని కండను వేలి ఎముకతో కలిపే తాడు లాంటిది. కండ లాగితే తాడు లాగుతుంది, వేలు ముడుచుకుంటుంది. ఆ తాడునే కుట్టారు. అంతవరకు నాకు తెలుసు.

తెలియనిది ఆ కుట్టు ఎప్పటికి ఎంత బరువు మోస్తుందన్నది. ఎముక విరిగి కట్టు విప్పినవాళ్ల చెయ్యి బిగుసుకుపోతే ఏం చేయిస్తానో, ఇతనికీ అదే చేయించాను. కవచం విప్పి, మెత్తని రబ్బరు బంతి ఇచ్చి, "రోజుకు మూడుసార్లు గట్టిగా పిసుకు" అన్నాను.

మూడోరోజు పొద్దున వచ్చాడు. ముఖంలో నొప్పి కూడా లేదు, అయోమయమే ఉంది.

"నిన్న పిసుకుతా ఉంటే లోపల టప్పంది మేడమ్. అప్పటినుంచి వేలు నా మాట ఇనడంలా."

ముడవమన్నాను. మిగతా వేళ్లు కొద్దిగా ముడుచుకున్నాయి. మధ్యవేలు కదలకుండా చాచుకునే ఉంది. మదనపల్లె పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాను. జరిగిందంతా విని ఆయన అన్నారు:

"నాలుగో వారంలో బంతి ఇవ్వకూడదమ్మా. కుట్టిన టెండాన్ ఇంకా పచ్చిగానే ఉంటుంది. గట్టిగా పట్టుకుంటే తెగిపోతుంది. ఆలస్యం చేయొద్దు. కుప్పంలో చేతులకు ఆపరేషన్లు చేసే ఒక డాక్టరమ్మ ఉంది, ఈరోజే తీసుకుని పో. కొన్నిరోజుల్లోపు అయితే మళ్లీ కుట్టొచ్చు."

నేను ఆ మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తప్పు నాది, బంతి ఇవ్వకుండా ఉండాల్సింది, ఇది మళ్లీ ఆపరేషన్ దాకా పోతుంది అని. అరుస్తాడనుకున్నాను. అతను తన వేలు చూసుకుని, నన్ను చూసి, "ఏడ్సొద్దు మేడమ్. కావాలని సేస్తివా? మళ్ల కుడతారంటుండారు కదా, పోదాం పట్టు" అన్నాడు. పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సులో దారి పొడవునా అతనే నాకు ధైర్యం చెప్పాడు. గ్రానైట్ క్వారీలో తను మొదటి నెలలో ఎన్ని పలకలు పగలగొట్టాడో లెక్కపెట్టి చెప్తూ ఉంటే ఒకచోట నవ్వు కూడా వచ్చింది.

కుప్పం డాక్టరమ్మ పొట్టిగా, చురుగ్గా ఉంది. వేలు చూసి, నన్ను చూసి, "ఎవరు బంతిచ్చింది?" అంది.

"నేనే మేడమ్."

"వెంట వచ్చింది కూడా నువ్వేనా?"

"అవును."

"అయితే రేపు థియేటర్లోకి వచ్చి చూడు" అంది.

మర్నాడు మాస్కు కట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాను. తెగిన టెండాన్ ముత్యంలా తెల్లగా మెరుస్తూ ఉంది. సన్నని దారంతో, చాలా నెమ్మదిగా ఆమె దాన్ని కలిపింది. చేతులు కడుక్కుంటూ అంది: "నా పని రెండు గంటలు. ఇక మూడు నెలలు నీ పని. కదిలించకపోతే చుట్టూ అతుక్కుపోతుంది, వేలు కర్రవుతుంది. ఎక్కువ కదిలిస్తే తెగుతుంది. ఈ రెండింటి మధ్య దారి సందులా ఉంటుంది. అందులో నడవడం నేర్చుకుంటావా?"

ఆ సాయంత్రం నుంచి నేను ఇంటికి పోయాక ఆలోచించింది చేతుల గురించే.

వారానికి రెండు రోజులు పుంగనూరు నుంచి కుప్పం పోవడం మొదలుపెట్టాను. ఆపరేషనైన నాలుగైదు రోజులకే కవచం తయారుచేయాలి. వేడినీళ్లలో వేస్తే అప్పడంలా మెత్తబడే ప్లాస్టిక్ రేకు ఉంటుంది. దాన్ని తీసి, తుడిచి, చేతి వెనకవైపు పరిచి, చల్లారేలోపు మలచాలి. మణికట్టు, వేళ్ల మొదళ్లు ముందుకు వంగి ఉండాలి, వేళ్ల పైకణుపులు తిన్నగా ఉండాలి. అప్పుడు కుట్టు మీద లాగుడు పడదు. మొదట్లో నేను చేసినవి చూస్తే చెయ్యి కవచంలో కాదు, చేటలో పెట్టినట్టు ఉండేది. ఇంట్లో వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెట్టి సాధన చేసేదాన్ని. మా ఆయన రెండు చేతులకూ ఎన్ని కవచాలు చేశానో! ఒక ఆదివారం ఆయన కుడిచేతికి కవచం తొడిగి ఉండగా ఇంటి ఓనరు వచ్చి, "ఏమైంది సార్?" అని కంగారుపడితే, "పెండ్లయింది" అన్నాడు.

గ్రానైట్ మనిషికి ఈసారి అన్నీ సరిగ్గా చేశాం. మెలకువగా ఉన్నంతసేపు గంటకొకసారి, కవచంలోనే, రెండోచేత్తో వేళ్లను మెల్లగా ముడిచి, తర్వాత కవచం పైకప్పు తగిలే దాకా తనంతట తానే చాచాలి. తర్వాత డాక్టరమ్మ చెప్పినంత మేరకే, ఖాళీ చేత్తో, కొద్దికొద్దిగా తానే ముడవాలి. అతను ఫోన్‌లో గంటగంటకూ కోడికూత అలారం పెట్టుకున్నాడు. బస్సులో కోడి కూసినా సరే, అక్కడే చెయ్యి తీసి మొదలుపెట్టేవాడట. ఆరువారాలకు కవచం తీశాం. పన్నెండు వారాలు దాటాక అతను నా ముందు కూర్చుని పిడికిలి బిగించాడు. మధ్యవేలి కొస అరచేతికి తగలడానికి వెంట్రుకవాసి తక్కువ. కోణమానినితో కొలిచి కాగితం మీద రాస్తుంటే నాకు అంకెలు అలుక్కుపోయాయి.

"మళ్ల ఏడస్తాండావా మేడమ్?" అన్నాడు. మరుసటి వారం నున్నగా పాలిష్ పట్టిన నల్లరాతి పలక ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ప్లాస్టిక్ రేకులు దాని మీదే కోసేదాన్ని.

దాంతో నేను ఒక్కరోజులో చేతుల నిపుణురాలిని అయిపోలేదు. తమిళనాడులో ఒక పెద్ద ఆసుపత్రికి పోయి కొన్ని నెలలు శిక్షణ తీసుకున్నాను. తిరిగొచ్చాక పుంగనూరులో మధ్యాహ్నాలు చేతులకని విడిగా పెట్టుకున్నాను. పొద్దున అన్నీ చూసేదాన్ని. ఆ తర్వాత పక్షవాతం వాళ్లను, పిల్లలను వేరేవాళ్ల దగ్గరికి పంపడం మొదలుపెట్టాను. ఇంకో రెండేళ్లకు నడుములు. ఒక్కొక్కటి వదిలినప్పుడల్లా నాలుగు రోజులు నిద్ర సరిగ్గా పట్టేది కాదు. చిన్న ఊళ్లో చేతులొక్కటే చూస్తానంటే ఎవరొస్తారు? కొన్ని వారాలు మధ్యాహ్నమంతా గోడగడియారం చూస్తూ కూర్చున్నదీ నిజమే. ఆ ఖాళీలో చుట్టుపక్కల డాక్టర్ల దగ్గరికి పోయి, చేతి ఆపరేషనైన మనిషిని మొదటివారంలోనే నా దగ్గరికి పంపమని ఒక్కొక్కరికీ చెప్పొచ్చేదాన్ని. మెల్లగా పంపడం మొదలుపెట్టారు.

అన్నిటికన్నా వదలడం కష్టమైంది మోకాళ్లు. ఎందుకంటే మోకాళ్లంటే నాకు ఆ అవ్వ. పక్కగది కూడా అద్దెకు తీసుకున్నాక నా దగ్గర పనికి చేరిన ఒక ఫిజియో అమ్మాయి మోకాళ్లు చాలా శ్రద్ధగా చూసేది. ఒకరోజు అవ్వను కూర్చోబెట్టి చెప్పాను, "అవ్వా, ఇకనుంచి నీ మోకాళ్లు ఈ అమ్మాయి చూస్తుంది. నేను చేతులు మాత్రమే చూస్తాను."

"యాల? మోకాళ్ల సదువు మరిసిపోయినావా?"

"మర్చిపోలేదు. ఆ అమ్మాయి నాకన్నా బాగా చూస్తుంది."

అవ్వ ఆలోచించింది. "సేతులు నొస్తే నువ్వే సూస్తావా?"

"చేతులైతే నేనే."

మర్నాడు పదిగంటలకు అవ్వ నా గదిలోకే వచ్చి కుర్చీలో కూర్చుని, కుడిచేతి బొటనవేలు చాపింది. "ఇది నొస్తాండాది" అంది, కళ్లలో దొంగనవ్వుతో. నేనూ నవ్వుకుంటూ, సరే ఆట ఆడదామని బొటనవేలి మొదలు పట్టుకుని మెల్లగా నొక్కి తిప్పాను. అవ్వ ఒక్కసారిగా "అబ్బా!" అని చెయ్యి లాక్కుంది. నవ్వు పోయింది. మళ్లీ చూశాను. బొటనవేలి మొదట్లోని కీలు అరిగిపోయి, కొద్దిగా బయటికి పొడుచుకుని వచ్చి ఉంది. మూత తిప్పలేదట, తాళం తిప్పలేదట. అన్నేళ్లుగా చేతికర్ర సన్నని పిడి మీద ఒంటి బరువంతా ఆ బొటనవేలే మోసింది.

"ఎన్నాళ్ల నుంచి అవ్వా?"

"శానా దినాలుగా ఉండాది."

"మరి ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు మోకాళ్లకు కదా సూసేది!"

అన్నేళ్లూ రోజూ నా కళ్ల ముందే కర్ర పట్టుకుని కూర్చున్న చెయ్యి అది. అన్నీ చూసేదాన్నని అనుకున్న రోజుల్లో నాకు కనిపించలేదు. బొటనవేలికి చిన్న కవచం చేసిచ్చి, కర్ర పిడికి గుడ్డ చుట్టి లావు చేసి, పట్టుకునే తీరు మార్పించాను. నొప్పి పూర్తిగా పోలేదు. తాళం మాత్రం తిప్పగలిగింది. మోకాళ్లకు పక్కగదిలో, బొటనవేలికి నా గదిలో, తనకు ఇద్దరు డాక్టర్లయ్యారని అవ్వ బజారంతా చెప్పుకుంది.

తర్వాత మా ఆయన తనంతట తానే కుప్పానికి బదిలీ అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు నేను డాక్టరమ్మ ఆసుపత్రిలోనే, ఆమె పక్కగదిలో పనిచేస్తాను. వారంలో ఒకరోజు పుంగనూరు, ఒకరోజు మదనపల్లె. చేతుల్లో కూడా అన్నీ ఒకటి కాదని ఇక్కడికొచ్చాకే తెలిసింది. కాలిన చేతులు వేరు, తెగిన నరాలు వేరు, వంకరతో పుట్టిన పిల్లల చేతులు వేరు. ఎవరూ బలవంతం చేయకుండానే నా రోజులు ఎక్కువగా కుట్టిన టెండాన్ల వైపే జారిపోతున్నాయి.

ఈమధ్య పుంగనూరులో ఒక టైలరు వచ్చాడు. ఉర్దూ, తెలుగు కలగలిపి మాట్లాడే ముస్లిం పెద్దమనిషి. అద్దం పగిలి కుడిచేతి చూపుడువేలు టెండాన్ తెగింది. కవచం కట్టిన మొదటిరోజే, "కత్తెర ఎప్పుడు పట్టొచ్చు మేడమ్?" అని అడిగాడు. మూడు నెలలన్నాను. "అరె అల్లా, రంజాన్ వస్తాంది!" అన్నాడు. వారం వారం బేరమాడాడు, నేను వారం కూడా తగ్గలేదు. తొమ్మిదో వారంలో చిన్న కత్తెర ఇచ్చి పాత వార్తాపత్రిక కోయమన్నాను. ఆయన పెదవి విరిచాడు గానీ, కోసింది మాత్రం గీత గీసినట్టు కోశాడు.

పదమూడో వారంలో తన పెద్ద కత్తెర గుడ్డలో చుట్టుకుని తెచ్చాడు. బల్ల మీద పాత దుప్పటి పరిచి, ఊపిరి బిగబట్టి కోశాడు. వేలు వంగింది, పట్టింది, వదిలింది. ఒకసారి వేళ్లు మడిచి తెరిచి చూసుకున్నాడు.

"మేడమ్, మీరు ముందునుంచీ చేతులకేనా?"

"లేదు భాయ్. ముందు ఒళ్లంతా చూసేదాన్ని. తగ్గించుకుంటా వచ్చినా."

"నేనూ అంతే" అన్నాడు సంతోషంగా. "మొదట్లో లంగాలు, చొక్కాలు, దిండు గలీబులు, ఏది తెస్తే అది. తర్వాత మగవాళ్ల బట్టలు. పదేళ్ల నుంచి పెండ్లికొడుకు షేర్వానీలే. తగ్గించినప్పుడు మా ఇంట్లో ఆమె తిట్టింది. ఇప్పుడు మదనపల్లె నుంచి వస్తాండారు." గొంతు తగ్గించి, "లోపలి మాట చెప్తా. షేర్వానీలో కూడా నాకు కాలర్ అంటేనే పానం" అన్నాడు.

నేను గట్టిగా నవ్వేశాను. అప్పుడే మోకాళ్ల అమ్మాయి తలుపు తోసి, వాల్మీకిపురం నుంచి ఒకామె బొటనవేలు తెగి కుట్లతో వచ్చిందని చెప్పింది. టైలరు కత్తెర గుడ్డలో చుట్టుకుంటూ లేచి ఆమెకు కుర్చీ వదిలాడు. "కూర్చో అమ్మా. కత్తెర గురించి మాత్రం అడగొద్దు, మేడమ్ ఒప్పుకోదు" అన్నాడు.

నేను నీళ్లు వేడి పెట్టాను.